ప్లస్ రెండు, మైనస్ పది

కళ్లజోళ్ల షాపుకి వెళ్లి, ఫ్రేముకి సరిపోయేలా చెక్కని గుండ్రటి లెన్సులు రెండు అడగండి. ఒకటి ప్లస్ 2, ఇంకొకటి మైనస్ 10. మొదటిది చత్వారం వచ్చినవాళ్లు పేపరు చదువుకోవడానికి పెట్టుకునే మామూలు నంబరే. రెండోది దూరపు చూపు బాగా తగ్గినవాళ్లకి రాసేది. షాపులో లేకపోతే తెప్పించి ఇస్తారు. ఈ రెండిటినీ ఒక గొట్టంలో ఎదురెదురుగా 40 సెంటీమీటర్ల దూరంలో బిగిస్తే దూరపు వస్తువులు 5 రెట్లు పెద్దగా కనిపిస్తాయి. అదే గొట్టాన్ని తిరగేసి లేజర్ కిరణాన్ని పంపితే ఆ కిరణం 5 రెట్లు వెడల్పై బయటికొస్తుంది. మొదటిదాన్ని గెలీలియో టెలిస్కోపు అంటారు. రెండోదాన్ని లేజర్లతో పనిచేసేవాళ్లు బీమ్ ఎక్స్‌పాండర్ అంటారు. వస్తువు ఒకటే.

5 రెట్లు, 40 సెంటీమీటర్లు అన్న అంకెలు ఎక్కడివో చూద్దాం. కళ్లజోడు నంబరు అంటే నాభ్యంతరాన్ని తిరగేసి చెప్పిన అంకె. వెయ్యిని నంబరుతో భాగిస్తే నాభ్యంతరం మిల్లీమీటర్లలో వస్తుంది. ప్లస్ 2 లెన్సుకి 500 మిల్లీమీటర్లు: దూరం నుంచి సమాంతరంగా వచ్చిన కిరణాలను అది తన వెనక 500 మి.మీ. దగ్గర ఒక బిందువుకి చేరుస్తుంది. మైనస్ 10 లెన్సుకి 100 మిల్లీమీటర్లు. ఇది కిరణాలను ఎక్కడా కలపదు, తన ముందు 100 మి.మీ. దగ్గర ఏదో బిందువు నుంచి బయల్దేరాయా అన్నట్టు విడదీస్తుంది.

ఇప్పుడు ప్లస్ లెన్సు దాటి వచ్చిన కిరణాలు 500 మి.మీ. దగ్గర కలవబోతున్నాయి. అవి కలవకముందే, ఇంకా 100 మి.మీ. ప్రయాణం ఉండగా, మైనస్ లెన్సు అడ్డం పెడతాం. ఎంత దగ్గరికి ముడుచుకుంటున్నాయో అంతా విడదీయడం దాని పని కాబట్టి కిరణాలు మళ్లీ సమాంతరమైపోతాయి. సమాంతర కిరణాలను చూడటానికి కంటికి శ్రమ ఉండదు, కొండనో నక్షత్రాన్నో చూసినట్టు చూస్తుంది. అందుకే గొట్టం పొడవు రెండు నాభ్యంతరాల తేడా: 500లోంచి 100 పోగా 400. దూరపు తాటిచెట్టు మొదలు నుంచీ మొవ్వు నుంచీ వచ్చే కిరణాల మధ్య ఉన్న కోణం మాత్రం ఈ దారిలో పెరిగిపోతుంది. ఎన్ని రెట్లు అంటే పెద్ద నాభ్యంతరంలో చిన్నది ఎన్నిసార్లు పోతుందో అన్ని రెట్లు. 500ని 100తో భాగిస్తే 5. ఆవర్ధనం అంటే ఇంతకుమించి ఏమీ లేదు. నంబర్లతోనే చెప్పాలంటే 10ని 2తో భాగించినా అదే జవాబు. కిరణాలు ఎక్కడా ఒకదాన్నొకటి దాటవు కాబట్టి బొమ్మ తలకిందులు కాదు.

నంబరు మీద అనుమానం ఉంటే ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ప్లస్ లెన్సుది తేలిక: ఎండలో పట్టుకుని సూర్యుడి బొమ్మ నేలమీద ఎంత దూరంలో చిన్న చుక్కగా పడుతుందో కొలవడమే. మైనస్ లెన్సుకి అలాంటి చుక్క పడదు. దానికి ఇంకో ఉపాయం ఉంది. నల్లకాగితంలో సరిగ్గా 10 మి.మీ. రంధ్రం చేసి లెన్సు మీద అంటించి ఎండకి ఎదురుగా పట్టండి. వెనక తెల్లకాగితం మీద పడే వెలుగు వలయం, కాగితాన్ని వెనక్కి జరిపేకొద్దీ పెద్దదవుతుంది. అది రంధ్రానికి రెట్టింపు, అంటే 20 మి.మీ. అయిన చోట ఆగి లెన్సు నుంచి కాగితానికి దూరం కొలిస్తే అదే నాభ్యంతరం. సూర్యుడు బిందువు కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందువల్ల వలయం అంచు కాస్త అలుక్కుపోయి కనిపిస్తుంది. ఆ మసకలో మధ్యగీతకి కొలవాలి.

బిగించేటప్పుడు లెన్సుల కేంద్రాలు ఒకే గీతమీద ఉండాలి. చెక్కని లెన్సుకి చూపు కేంద్రం దాదాపు నడిమధ్యే ఉంటుంది గానీ కచ్చితంగా తెలియాలంటే కాగితం మీద ఒక కూడిక గుర్తు గీసి దానిపైన లెన్సు పట్టుకోండి. లెన్సులోంచి కనిపించే గీత, బయట కనిపించే గీత అంచు దగ్గర విరిగినట్టుంటే కేంద్రం పక్కకి ఉన్నట్టు. అటూ ఇటూ జరిపితే ఒకచోట రెండు గీతలూ తెగకుండా కలుస్తాయి. గుర్తుకి సరిగ్గా పైన ఉన్న ఆ చోటే కేంద్రం. అక్కడ స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క పెట్టుకుంటే బిగించాక తుడిచేయవచ్చు.

గొట్టాలు రెండు కావాలి, ఒకదాంట్లో ఇంకొకటి బిగువుగా జారేలా. ఫోకస్ చేయడం అంటే గొట్టం జరపడమే. చాలా దూరపు వస్తువుకి 400 మి.మీ. సరిపోతుంది. 10 మీటర్ల దూరంలో ఉన్న ఎదురింటి బోర్డు చూడాలంటే గొట్టాన్ని ఇంకో 26 మి.మీ. బయటికి లాగాలి, ఎందుకంటే దగ్గరి వస్తువుల కిరణాలు లెన్సు వెనక ఇంకాస్త దూరం వెళ్లి కలుస్తాయి. చూసేవాళ్ల కంటిని బట్టీ మారుతుంది. మైనస్ 2 సైటు ఉన్నవాళ్లు కళ్లజోడు తీసి చూస్తే గొట్టాన్ని దాదాపు 25 మి.మీ. లోపలికి నొక్కాలి. ఇంట్లో ఒకరు ఫోకస్ చేసి ఇచ్చింది ఇంకొకరికి మసకగా కనిపిస్తే లోపం గొట్టానిది కాకపోవచ్చు.

ముందున్న ప్లస్ లెన్సు 65, 70 మి.మీ. వెడల్పుంటుంది. అంతా వాడుకుంటే వెలుగు ఎక్కువ వస్తుంది కదా అనిపిస్తుంది. అలా చేస్తే బొమ్మ అంచుల వెంబడి ఎరుపు, నీలం చారలు కట్టి, మొత్తంమీద పొగమంచు పట్టినట్టుంటుంది. ఒంటరి లెన్సు నీలాన్నీ ఎరుపునీ ఒకే దూరంలో కలపలేదు, అంచుల గుండా వచ్చిన కిరణాలనూ మధ్య నుంచి వచ్చినవాటినీ ఒకే దూరంలో కలపలేదు. అట్టముక్కకి 25 మి.మీ. రంధ్రం చేసి లెన్సు ముందు పెడితే రెండు రోగాలూ చాలావరకు తగ్గుతాయి. గెలీలియో కూడా ఇదే చేశాడు. అతని లెన్సుల ముందు అట్ట వలయాలు ఉండేవి.

రంధ్రం చిన్నదయితే ఇంకొకటి నష్టపోతాం. ఈ టెలిస్కోపులో కన్ను పెట్టగానే ఎవరికైనా మొదట తోచేది ‘ఇంత ఇరుకా’ అనే. కారణం ఇది. మైనస్ లెన్సులోంచి చూసే కంటికి ముందున్న 25 మి.మీ. రంధ్రం 5 రెట్లు కుంచించుకుపోయి, 5 మి.మీ. కిటికీలా, గొట్టం లోపల 80 మి.మీ. అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రపంచాన్ని ఆ కిటికీలోంచే చూడాలి. లెక్క కడితే ఒకసారికి కనిపించే ఆకాశం అర డిగ్రీకి కాస్త ఎక్కువ, మసకబారిన అంచులు కలుపుకుంటే సుమారు 1 డిగ్రీ. పున్నమి చంద్రుడు పడతాడు, అంతే. కంటిని కిటికీకి దగ్గరగా జరపలేం, ఎందుకంటే అది గొట్టం లోపల ఉంది. అందుకే కన్ను మైనస్ లెన్సుకి ఆనించినంత దగ్గరగా పెట్టాలి. కాస్త వెనక్కి తగ్గితే ఉన్న ఇరుకు ఇంకా ఇరుకవుతుంది.

ఈ ఇరుకుతోనే చరిత్ర నడిచింది. 1608 అక్టోబరులో హాన్స్ లిపర్‌హే అనే కళ్లజోళ్ల తయారీదారు ఇలాంటి గొట్టానికి పేటెంటు ఇమ్మని హాలండు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాడు. ఆ వార్త ఇటలీకి చేరాక పాడువాలో లెక్కలు చెప్పే గెలీలియో తనే లెన్సులు అరగదీసుకున్నాడు. మొదట 3 రెట్లు, 1609 ఆగస్టులో వెనిస్ పెద్దలకి చూపించేనాటికి సుమారు 8 రెట్లు, ఆ ఏడాది చివరికి 20 రెట్లు. వెనిస్ పెద్దలకి నచ్చింది ఆకాశం కాదు, ఓడలు. మామూలు కంటికి ఆనడానికి రెండు గంటల ముందే సముద్రంలో ఓడ కనిపించేది. 1610 జనవరి 7న గురుగ్రహం పక్కన చుక్కలు చూశాడు.

ఫ్లారెన్సులోని గెలీలియో మ్యూజియంలో ఉన్న ఒక గొట్టానికి ముందు లెన్సు నాభ్యంతరం 980 మి.మీ., ఆవర్ధనం 21. మన లెక్క తిరగేస్తే కంటి దగ్గరి లెన్సు నాభ్యంతరం సుమారు 47 మి.మీ. ఉండాలని తెలుస్తుంది, అంటే మైనస్ 21కి పైగా. అందులోంచి కనిపించేది పావు డిగ్రీ ఆకాశం. చంద్రుడు సగం వెడల్పే పడతాడు. అంత ఇరుకులో గురుగ్రహాన్ని పట్టుకుని రాత్రి తర్వాత రాత్రి అదుపులో ఉంచుకోవడం కనిపెట్టడం కన్నా కష్టమైన పని అని నా అభిప్రాయం. 1611లో కెప్లర్ మైనస్ లెన్సు బదులు రెండో ప్లస్ లెన్సు పెట్టి చూడవచ్చని రాశాడు. బొమ్మ తలకిందులవుతుంది గానీ కిటికీ విశాలమవుతుంది. ఖగోళం వాళ్లు ఆ దారే పట్టారు. గెలీలియో అమరిక 2, 3 రెట్లు చాలనుకునే చోట మిగిలింది: నాటకశాలల్లో వాడే చిన్న బైనాక్యులర్లు, పంటి డాక్టరు కళ్లజోడుకి బిగించుకునే చిన్న గొట్టాలు. తక్కువ రెట్లకి ఇరుకు పెద్దగా బాధించదు, గొట్టం పొట్టిగా ఉంటుంది, బొమ్మ నిటారుగా ఉంటుంది.

ఇక తిరగేద్దాం. అపార్ట్‌మెంటు తలుపుకి ఉండే చూపురంధ్రం తిరగేసిన గెలీలియో టెలిస్కోపే. బయటివైపు మైనస్, లోపలివైపు ప్లస్. అందుకే గుమ్మంలో నిలబడ్డ మనిషి చిన్నగా, దూరంగా, అయితే నిటారుగా, పక్కగోడలతో సహా కనిపిస్తాడు. కోణాలు కుంచించుకుపోయాయి కాబట్టి ఎక్కువ ప్రపంచం పట్టింది.

లేజర్ దగ్గర కూడా అంతే, కోణం కుంచించుకుపోవడమే కావాలి. లేజర్ కిరణం ఎప్పటికీ గీతలా సన్నగా వెళుతుందనుకుంటాం గానీ అదీ విడిపోతుంది. 1 మి.మీ. వెడల్పున బయల్దేరిన మామూలు ఎర్ర లేజర్ మీటరుకి సుమారు 1 మి.మీ. చొప్పున వెడల్పవుతూ పోతుంది. ఇది తయారీలో లోపం కాదు, సన్నటి కిరణానికి వెలుగు స్వభావం పెట్టే శిక్ష. ఎంత సన్నగా బయల్దేరితే అంత త్వరగా విడిపోతుంది. వెడల్పునీ విడిపోయే కోణాన్నీ గుణిస్తే వచ్చే అంకెని ఏ లెన్సూ తగ్గించలేదు, ఒకటి పెంచి ఇంకొకటి తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉంది.

లేజర్ బల్లమీద మామూలుగా దొరికే లెన్సులు తీసుకుందాం: ముందు మైనస్ 50 మి.మీ., తర్వాత ప్లస్ 250 మి.మీ. నిష్పత్తి 5, వాటి మధ్య దూరం 200 మి.మీ. సన్నటి కిరణం మైనస్ లెన్సులో దూరి విచ్చుకుంటుంది, ప్లస్ లెన్సు దగ్గరికి చేరేసరికి 5 మి.మీ. అవుతుంది, అక్కడ మళ్లీ సమాంతరమవుతుంది. ఇప్పుడు మీటరుకి 0.2 మి.మీ. చొప్పునే విడిపోతుంది. 100 మీటర్ల అవతల గోడమీద, లెన్సులు లేకుండా పడిన వెలుగు చుక్క సుమారు 101 మి.మీ. ఉంటే, లెన్సులతో 25 మి.మీ. ఉంటుంది. దగ్గరలో మాత్రం బేరం గిట్టదు. 3 మీటర్ల దగ్గర లెన్సులు లేని చుక్క 4 మి.మీ., ఉన్న చుక్క 5.6 మి.మీ. ఈ ఉజ్జాయింపు లెక్క ప్రకారం రెండూ సమానమయ్యేది 5 మీటర్ల దగ్గర. కాబట్టి చిన్న గదిలో పనిచేసేవాళ్లు కిరణం సన్నబడుతుందని ఈ గొట్టం కొంటే డబ్బు దండగ.

దూరం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. గొట్టం మూతి దగ్గర ఒకసారి, 10 మీటర్ల దగ్గర ఒకసారి గళ్ల కాగితం అడ్డం పెట్టి చుక్క వెడల్పు కొలవాలి. సరిగ్గా ఉంటే మూతి దగ్గర 5, అక్కడ సుమారు 7. లెన్సులు 5 మి.మీ. దగ్గరగా జరిగి ఉంటే అక్కడి చుక్క 11 దాకా పోతుంది. ఎక్కువ దూరం జరిగి ఉంటే చుక్క మొదట చిన్నదై, ఒకచోట ముడిపడి, ఆ తర్వాత విచ్చుకుంటుంది. అందుకే కాగితాన్ని ఒక్కచోట పెట్టి ‘చిన్నగా ఉంది, బాగుంది’ అనుకోకూడదు. దారి పొడవునా నాలుగైదు చోట్ల చూడాలి. చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా ఒకవైపు సాగితే లెన్సు వంకరగా ఉన్నట్టు. ఒకవైపు చదునుగా, ఇంకోవైపు ఉబ్బుగా ఉండే ప్లస్ లెన్సయితే ఉబ్బువైపు సమాంతర కిరణం బయటికి వెళ్లే దిక్కున ఉండాలి. కిరణం వెడల్పైనకొద్దీ ఈ తేడా తెలుస్తుంది, తిరగేసి పెడితే చుక్క చుట్టూ మసక వలయం కడుతుంది.

రెండూ ప్లస్ లెన్సులు పెట్టినా కిరణం వెడల్పవుతుంది. అప్పుడు పొడవు 50, 250 కలిపి 300 మి.మీ. అవుతుంది, కిరణమంతా మధ్యలో ఒక బిందువు దగ్గర ముడిపడుతుంది. బలమైన పల్స్ లేజర్లకి ఆ బిందువు దగ్గర గాలే తట్టుకోలేక చిటపటమని నిప్పురవ్వ పుడుతుంది, కిరణం చెదిరిపోతుంది. మైనస్ లెన్సుతో ఆ ముడి ఎక్కడా ఉండదు. పెద్ద లేజర్ల దగ్గర గెలీలియో అమరికకే ఓటు వేయడానికి అసలు కారణం ఇదే. దీనికీ ఒక లోటు ఉంది: మురికిగా ఉన్న కిరణాన్ని వడకట్టాలంటే ఆ ముడి దగ్గరే సూదిరంధ్రం పెట్టాలి, ఇక్కడ ముడే లేదు.

లోహం మీద అక్షరాలు చెక్కే యంత్రాల్లో కూడా కిరణాన్ని ముందు వెడల్పు చేస్తారు. సన్నగా చెక్కడానికి వెడల్పు చేయడమేమిటని అడగవచ్చు. చివర పెట్టే లెన్సు 5 రెట్లు వెడల్పైన కిరణాన్ని 5 రెట్లు చిన్న చుక్కగా ముడివేయగలదు. అదే గుణకారం, వెనక నుంచి.

ఇదే పద్ధతి అతి పెద్ద కొలతలో చంద్రుడి దగ్గర కనిపిస్తుంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల పలక మీదికి భూమి నుంచి లేజర్ పంపి దూరం కొలుస్తున్నారు. మీటరుకి 1 మి.మీ. విడిపోయే కిరణాన్ని నేరుగా పంపితే చంద్రుడు చేరేసరికి 384 కిలోమీటర్ల వెడల్పవుతుంది. అందుకని పెద్ద టెలిస్కోపులోంచి తిరగేసి పంపుతారు. అమెరికాలోని అపాచీ పాయింటులో దాని అద్దం 3.5 మీటర్లు. చంద్రుడి మీద పడే వెలుగు అప్పుడు సుమారు 2 కిలోమీటర్లే. ఇంకా తగ్గదు. అక్కడ అడ్డుపడేది అద్దం కాదు, మన గాలి కదలికలు.

గొట్టం లేని గెలీలియో టెలిస్కోపుని మన ఇళ్లల్లో ఒక తరం ముఖంమీద పెట్టుకుని తిరిగింది. శుక్లాల ఆపరేషనులో కంటి లోపలి లెన్సు తీసేసి బదులు ఏమీ పెట్టని రోజుల్లో, తాతలకీ అమ్మమ్మలకీ ప్లస్ 10 చుట్టుపక్కల మందపాటి కళ్లజోడు ఇచ్చేవారు. లెన్సు పోయిన కన్ను మామూలు కంటికి ఒక బలమైన మైనస్ లెన్సు తగిలించినట్టు ప్రవర్తిస్తుంది. దానికి కాస్త ముందు, ముక్కు మీద, ప్లస్ లెన్సు. అంటే పొట్టి టెలిస్కోపు. అందుకే వాళ్లకి లోకం నాలుగో వంతు దాకా పెద్దగా కనిపించేది, గ్లాసు అందుకోబోతే చేయి తప్పేది, చూపు పక్కలకి ఇరుకుగా ఉండేది. ఒక కంటికే ఆపరేషను అయితే రెండు కళ్లకీ రెండు సైజుల బొమ్మలు వచ్చి కలిసేవి కావు. ఇప్పుడు తీసిన లెన్సు ఉన్న చోటే కొత్తది అమరుస్తున్నారు. రెండు లెన్సుల మధ్య దూరం లేకుండా పోయింది కాబట్టి ఆ పెద్దగా కనిపించడమూ పోయింది.

ప్లస్ రెండు, మైనస్ పది గొట్టం చేసుకునేవాళ్లకి రెండు మాటలు. దాంతో సూర్యుడి వైపు చూడకండి, పిల్లల చేతికి పగలు ఒంటరిగా ఇవ్వకండి. ఎవరైనా లేజర్ వేస్తున్న వైపు కూడా చూడకండి: పెద్ద లెన్సులో దూరిన కిరణం 5 రెట్లు సన్నబడి, ఒక్కో చోట 25 రెట్లు తీవ్రమై కంట్లో పడుతుంది.